జేబులోకి వాన రాకుండా...

వానలో తడిసిన మనిషి తువ్వాలుతో తుడుచుకుంటే సరిపోతుంది. సెల్‌ఫోన్‌కి ఆ వీలు లేదు. బ్యాంకు ఖాతా, గ్యాస్ బుకింగు, పిల్లల స్కూలు మెసేజీలు, దుకాణంలో చెల్లింపులు... అన్నీ దాంట్లోకే చేరాయి. అందుకే ఒక్క గంట జడివాన ఇంటిల్లిపాదినీ రెండు రోజులు ఇబ్బంది పెట్టగలదు. చిత్రమేమిటంటే, రెయిన్‌కోటు లేనివాళ్ల ఫోన్లే కాదు, నిండా కప్పుకున్నవాళ్ల ఫోన్లూ తడుస్తున్నాయి. కోటు ఉండగా నీళ్లు జేబులోకి ఏ దారిన వస్తున్నాయి? ఫోనూ పర్సూ ఎక్కడ పెట్టుకోవాలి? దేంట్లో పెట్టుకోవాలి?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్తుంటే దాదాపు సగం దారిలో శిరివెళ్ల వస్తుంది. నలభయ్యో నంబరు జాతీయ రహదారి, రెండు పక్కలా పొలాలు, తూర్పున దూరంగా నల్లమల కొండలు. ఉద్యోగానికీ, ఆసుపత్రికీ, ఎరువుల కొట్టుకీ నంద్యాల వెళ్లాల్సినవాళ్లలో చాలామందికి బండే ఆధారం. ఇక్కడ నైరుతి వానలు సెప్టెంబరు దాకా ఉంటాయి. అవి తగ్గాయనుకునేలోపు అక్టోబరు నుంచి ఈశాన్య రుతుపవనాల వంతు. 2019 సెప్టెంబరులో మహానంది ఆలయంలోకి నీళ్లు వచ్చేంత వాన పడింది. అంతటి వానలు ఏటా రావు. కానీ జేబులో ఫోన్ పాడవడానికి అంత వాన అక్కర్లేదు, అరగంట జల్లు చాలు.

శిరివెళ్లలో ఉంటూ నంద్యాలలో ఒక మందుల దుకాణంలో పనిచేసే కుర్రాడినే తీసుకుందాం. సాయంత్రం దుకాణం కట్టేశాక సుమారు 20 కిలోమీటర్లు బండి మీద ఇంటికి రావాలి. ఒంటి మీద జర్కిన్ ఉంది. దానికి కింద రెండు పక్క జేబులు, ఛాతీ మీద జిప్పున్న జేబు ఒకటి, లోపలివైపు ఇంకొకటి. ఫ్యాంటు వెనక జేబులో పర్సు. ఊరు దాటగానే వాన మొదలైంది. ఇక నీటి చుక్క వెంటే మనమూ వెళ్దాం.

చినుకు ఎదురొస్తుంది

నడిచేవాడి మీద వాన పైనుంచి పడుతుంది. బండి మీద వెళ్లేవాడికి అలా కాదు. పెద్ద చినుకు గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో కిందికి దిగుతుంది. బండి 50 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతోంది. అంటే వాన తల మీద పడటం కంటే ఛాతీకి ఎదురొచ్చి కొట్టడమే ఎక్కువ. పెరట్లో నిలబడితే చుక్క కూడా కారని కోటు, రోడ్డెక్కాక కారడానికి కారణం ఇదే. చినుకు తాకే జోరుకు తోడు, వెనకాలే గాలి ఆ నీటిని సందుల్లోకి నెడుతూ ఉంటుంది.

ఛాతీకి తగిలిన నీరు కిందికి జారి ఎక్కడ ఆగుతుంది? ఒళ్లో. బండి మీద కూర్చున్నప్పుడు నడుము దగ్గర జర్కిన్ మడత పడి చిన్న గుంటలా తయారవుతుంది. పైనుంచి జారిన నీరంతా ఆ మడతలో నిలుస్తుంది. జర్కిన్ పక్క జేబులు సరిగ్గా ఆ గుంట పక్కనే ఉంటాయి. నిలబడినప్పుడు పక్కకు ఉండే జేబు మూతి, కూర్చున్నప్పుడు పైకి తెరుచుకుంటుంది. చెయ్యి పెట్టుకోవడానికి ఎంత సుఖమో, నీళ్లు దిగడానికీ అంతే సుఖం!

ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. నీళ్లు దిగని బట్టతో జేబు కుడితే అది లోపలికి వచ్చిన నీటిని బయటికీ పోనివ్వదు. చెంబులా పట్టి ఉంచుతుంది. అరగంట తర్వాత ఫోన్ తడిసి ఉండదు, మునిగి ఉంటుంది. అందుకే కొన్ని మంచి జర్కిన్ల బయటి జేబులకు అడుగున చిన్న రంధ్రం వదులుతారు. అది కుట్టడంలో లోపం కాదు, నీళ్లు పోయే తూము.

ఫ్యాంటు జేబుల పరిస్థితి ఇంకా కష్టం. ముందు జేబులు ఒడిలోని నీటికి దగ్గర. వెనక జేబు సీటు మీదున్న నీటిలోనే కూర్చుంటుంది. వెనక చక్రం చిమ్మే నీళ్లు నడుముకు తగులుతాయి. పైగా కాటన్ బట్ట దీపంలో వత్తి లాంటిది. జర్కిన్ అంచు దగ్గర చొక్కా ఒక్క అంగుళం బయటికి వచ్చినా చాలు, తడి మెల్లగా పైకి పాకుతుంది.

మరి మిగిలిందేది? లోపలి ఛాతీ జేబు. ఒంటి మీద నీరు నిలవని చోటు అదే. అక్కడ కూడా జర్కిన్ ముందు జిప్పుకు ఆనుకుని ఉన్న జేబు కంటే, చంక వైపుకు జరిగి ఉన్న జేబు మంచిది. ముందు జిప్పు నుంచి ఎంతో కొంత నీరు లోపలికి రావడం మామూలే. లోపలి జేబుకు ముప్పు మెడ దగ్గర మొదలవుతుంది. హెల్మెట్ మీది నీరు కారి, కాలరు తెరిచి ఉంటే గుండెల మీదుగా నేరుగా ఆ జేబులోకే దిగుతుంది. కాబట్టి కాలరు గుండీ పైదాకా పెట్టుకోవాలి. రెండో ముప్పు చెమట. గాలాడని కోటు లోపల ఆవిరి పట్టి ఫోన్ చెమర్చినట్టవుతుంది. ఎంత మంచి జేబయినా లోపల పౌచ్ కూడా ఉండాలనడం అందుకే.

ఛాతీ జేబులో పెట్టేటప్పుడు ఇంకో జాగ్రత్త. బండి జారి పడితే గట్టి వస్తువు పక్కటెముకలకు గుచ్చుకోవచ్చు. ఫోన్ ఒక్కటే, బల్లపరుపుగా ఉండేలా పెట్టాలి. తాళాల గుత్తి దాంతో కలపకూడదు.

జిప్పు చెప్పే అబద్ధం

కుర్రాడి జర్కిన్ మీద బయటి ఛాతీ జేబుకు నల్లగా, రబ్బరులా మెరిసే జిప్పు ఉంది. కొట్టువాడు ‘వాటర్‌ప్రూఫ్ జిప్పు’ అన్నాడు. అందులో సగమే నిజం.

మామూలు జిప్పు పళ్ల మధ్య సన్నటి సందులుంటాయి. పళ్లను పట్టి ఉంచే పట్టీ కూడా బట్టే కాబట్టి నీటిని పీలుస్తుంది. దాన్ని ఎంత గట్టిగా మూసినా వాన ఆగదు. నల్లగా మెరిసే జిప్పు పట్టీ మీద ప్లాస్టిక్ పూత ఉంటుంది. మూసినప్పుడు రెండు అంచులూ పెదవుల్లా కలుస్తాయి, పళ్లు లోపలివైపు ఉండిపోతాయి. జల్లును ఇది బాగానే తట్టుకుంటుంది. కానీ ఈ రకం జిప్పులు తయారుచేసే జపాన్ సంస్థ వైకేకే కూడా తన ఆక్వాగార్డ్ జిప్పు నీటిని తిప్పికొడుతుందనే చెబుతుంది తప్ప పూర్తిగా ఆపుతుందని చెప్పదు. పెదవులు కలిసే గీత వెంట ఒత్తిడితో వచ్చే నీరు దూరగలదు. నిజంగా నీళ్లు పోని జిప్పులు వేరే ఉన్నాయి. సముద్రంలో మునిగేవాళ్ల దుస్తులకు వాడే అవి మందంగా, బిరుసుగా ఉంటాయి. ధరా ఎక్కువే. మామూలు జర్కిన్ జేబుకు అవి కనిపించడం అరుదు.

జిప్పులో అసలు బలహీనమైన చోటు దాని చివర. లాగే కొక్కెం ఆగిన దగ్గర చిన్న ఖాళీ మిగులుతుంది. మంచి జర్కిన్లలో ఆ చివర మీద బట్టతో చిన్న గూడు కుడతారు. జిప్పు మూశాక కొక్కెం పూర్తిగా ఆ గూట్లోకి వెళ్లాలి. అరసెంటీమీటరు బయట ఉన్నా ఆ సందులోంచి ధార కట్టినట్టు నీళ్లు దిగుతాయి. చాలామంది ఇక్కడే ఆఖరి లాగు లాగకుండా వదిలేస్తారు.

కొనేటప్పుడు మూడు చూసుకుంటే చాలు. మొదటిది, జిప్పు మీద కప్పే పట్టీ ఉందా? ఉంటే దాని తెరిచిన అంచు కిందికో వెనక్కో ఉండాలి. పైకో ముందుకో ఉంటే గాలి దాన్ని ఎత్తి నీటికి దారి ఇస్తుంది. రెండోది, జిప్పు అడ్డంగా ఉందా, నిలువుగానా? పట్టీ లేని అడ్డ జిప్పు మీదికి ఛాతీ నీళ్లన్నీ వచ్చి చేరతాయి. నిలువు జిప్పు పక్కనుంచి చాలా వరకు జారిపోతాయి. మూడోది, జర్కిన్‌ని తిరగేసి కుట్లు చూడండి. సూది పోయిన ప్రతిచోటా ఒక రంధ్రమే. వాటి మీద లోపలివైపు మెరిసే టేపు అతికించి ఉంటే కుట్టులోంచి నీళ్లు రావు. టేపు లేని కోటు బట్ట ఎంత మంచిదైనా కుట్ల దగ్గర కారుతుంది. పాత కోటులో ఈ టేపు అక్కడక్కడా లేచి ఉంటుంది, జిప్పు పూత అంచుల్లో పొట్టు రాలుతుంది. కోటు పని అయిపోయిందనడానికి అవే గుర్తులు.

కొన్న జర్కిన్‌ని ఇంట్లోనే పరీక్షించొచ్చు. ప్రతి జేబులో చిన్న న్యూస్‌పేపరు ముక్క పెట్టి జిప్పులు మూయాలి. జర్కిన్ వేసుకుని స్టూలు మీద బండి మీద కూర్చున్నట్టు ముందుకు వంగి కూర్చుంటే, ఇంట్లో ఎవరైనా ఛాతీ మీద నాలుగైదు చెంబుల నీళ్లు పోయాలి. పది నిమిషాల తర్వాత ఏ కాగితం తడిసిందో చూస్తే ఏ జేబును నమ్మొచ్చో తెలిసిపోతుంది. నిలబడి చేస్తే ఈ పరీక్ష తప్పు చెబుతుంది. ఒడిలో మడత పడదు కదా!

పాలిథిన్ కవరు నుంచి పౌచ్ దాకా

‘కవరు పెట్టుకోరా నాయనా’ అని ఇంట్లో అమ్మ అంటే అది చాదస్తం కాదు. జిప్పు కంటే పౌచే మేలు. అయితే నోరు ముడిచిన పాలిథిన్ కవరులో ముడి దగ్గర సందు మిగులుతుంది. దారిలో ఫోన్ మోగిన ప్రతిసారీ ముడి విప్పి కట్టలేక, రెండోసారికి ఊరికే చుట్టి జేబులో తోసేస్తారు.

బజారులో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది, వంటింట్లో వాడే జిప్‌లాక్ కవరు. ఒక అంచున గాడి, ఇంకో అంచున గట్టు ఉండి, నొక్కితే ఒకదాంట్లో ఒకటి కూర్చుంటాయి. చవక. పలచగా ఉండటం వల్ల పైనుంచే స్క్రీన్ పనిచేస్తుంది. దీని శత్రువులు రెండు: గాడిలో పడిన ఇసుక రేణువు, మడత పడ్డ మూల. జేబులో కుక్కినప్పుడు మూల దగ్గర మూత తెరుచుకుంటుంది. నాలుగైదు వానలకు మించి ఒకే కవరును నమ్మకూడదు.

రెండోది, మెళ్లో వేసుకునే తాడుతో, పైన గట్టి ప్లాస్టిక్ పట్టీతో వచ్చే పౌచ్. మూతిని ఆ పట్టీ మధ్య బిగించి, పక్కనున్న మరలు తిప్పి లాక్ చేస్తారు. జల్లుకే కాదు, కాలవలో పడినా కాస్త సేపు ఆగుతుంది. దీన్ని జర్కిన్ లోపల వేసుకోవాలి. బయట వేలాడితే తాడు హ్యాండిలుకు తగులుకునే ప్రమాదం ఉంది. మూడోది, మూతి చుట్టే సంచి. దీనికి సీలు ఉండదు, చుట్టలే సీలు. మూడు నాలుగు చుట్లు చుట్టి క్లిప్పు పెట్టాలి. ఒక్క చుట్టుతో వదిలేస్తే మామూలు సంచికీ దీనికీ తేడా లేదు. పర్సు, కాగితాలు, మందులు కలిపి పెట్టడానికి ఇది అనుకూలం.

ఏ పౌచ్ కొన్నా ఫోన్ పెట్టే ముందు టిష్యూ కాగితంతో పరీక్ష పెట్టాల్సిందే. పొడి టిష్యూ లోపల పెట్టి మూసి, బకెట్ నీళ్లలో ముంచి పైన బరువు పెట్టి అరగంట వదలాలి. తీశాక ముందు పౌచ్ బయట తుడిచి, చేతులు ఆరబెట్టుకుని తెరవాలి. లేకపోతే మన చేతి తడే టిష్యూకి అంటి తప్పుదోవ పట్టిస్తుంది. టిష్యూ ఏ మూల తడిసిందో చూడండి. మూతి దగ్గరైతే మూయడంలో తేడా, అడుగునైతే అతుకులో తేడా. అడుగున తడిసినదాన్ని తిరిగి ఇచ్చేయడమే. సీజనుకోసారి ఈ పరీక్ష మళ్లీ చేయాలి. ప్లాస్టిక్ మడతల దగ్గర పగుళ్లు కంటికి కనిపించవు.

ఇంకో సంగతి. తడి ఫోన్‌ని పౌచ్‌లో పెడితే తడిని లోపల బంధించినట్టే. వాన మొదలయ్యాక కాదు, మబ్బు పట్టగానే పెట్టాలి. కొత్త చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లం ఒకటి లోపల వేస్తే ఆవిరిని పీల్చుకుంటుంది. కారిన నీటిని మాత్రం అది ఆపలేదు.

‘నా ఫోన్ వాటర్‌ప్రూఫ్’ అనేవాళ్లూ ఉంటారు. ఫోన్ పెట్టె మీద ఐపీ 68 అని కనిపిస్తే, అందులో మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీటికి. రెండో అంకె 4 అయితే చిందే నీళ్లను తట్టుకుంటుంది. 7 అయితే మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు. 8 అయితే అంతకంటే ఎక్కువ, ఎంతన్నది కంపెనీ చెబుతుంది. కానీ ఆ పరీక్ష కొత్త ఫోన్‌కి, కదలని మంచినీటిలో జరిగింది. రెండేళ్లు వాడి, ఒకసారి కింద పడి, బయట గ్లాసు మార్పించిన ఫోన్‌కి ఆ అంకె వర్తిస్తుందన్న హామీ లేదు. గ్లాసు చుట్టూ ఉండే జిగురు పట్టీయే నీటిని ఆపేది. పైగా నీటి వల్ల పాడైతే మామూలు వారంటీ సాధారణంగా వర్తించదు. తడిస్తే రంగు మారే చిన్న గుర్తు చాలా ఫోన్ల లోపలే ఉంటుంది. సర్వీసు సెంటరువాళ్లు ముందు చూసేది దాన్నే.

పర్సు సంగతి వేరు

పర్సులో అన్నీ ఒకే తీరుగా పాడవవు. ఏటీఎం కార్డు నీటికి చెడదు, తుడిస్తే చాలు. మన నోట్లు పత్తితో చేసిన కాగితం కాబట్టి తడిసినా వెంటనే చిరగవు. ఒకదానికొకటి అంటుకుంటే లాగకుండా విడదీసి నీడలో ఆరబెట్టాలి. ఇస్త్రీ పెట్టకూడదు. మరీ నలిగిపోయినా, రెండు ముక్కలైనా బ్యాంకు శాఖలో మార్చుకునేందుకు రిజర్వు బ్యాంకు నిబంధనలు వీలు కల్పిస్తున్నాయి.

నిజంగా పోయేవి కాగితాలు. బండి బీమా జిరాక్సు, డాక్టరు చీటీ, పెన్నుతో రాసిన నంబర్లు. తోలు పర్సు రంగు దిగితే వాటి మీద మరకలే మిగులుతాయి. బండి కాగితాలకు మార్గం ఉంది. డిజీలాకర్, ఎంపరివాహన్‌లలో చూపే లైసెన్సు, ఆర్‌సీలను అసలు పత్రాలతో సమానంగా అంగీకరించాలని కేంద్ర రవాణా శాఖ 2018లోనే రాష్ట్రాలకు సూచించింది. అయితే ఫోన్ తడిసి ఆగిపోతే అవీ ఆగిపోతాయి. కాబట్టి డబ్బూ ఫోనూ ఒకే పౌచ్‌లో పెట్టడం పొరపాటు. ఒక కార్డు, ఒక 500 రూపాయల నోటు, ఇంటి నంబరు రాసిన చీటీ చిన్న జిప్‌లాక్ కవరులో వేసి రెండో వైపు లోపలి జేబులో పెట్టుకుంటే, ఫోన్ పోయినా పెట్రోలు కొట్టించుకుని ఇల్లు చేరొచ్చు.

సగం దారిలో ఫోన్ మోగితే

మన కుర్రాడి విషయానికొద్దాం. మబ్బు చూడగానే ఫోన్ పౌచ్‌లోకి, పౌచ్ లోపలి ఛాతీ జేబులోకి వెళ్లింది. పర్సు రెండో వైపుకు మారింది. జర్కిన్ పక్క జేబులో చేతిరుమాలు తప్ప ఏమీ లేదు. సగం దారిలో ఫోన్ మోగింది. ఇక్కడే ఎక్కువమంది జారిపోతారు. ఇరవై నిమిషాలు కాపాడిన ఫోన్‌ని, కారుతున్న చేతులతో పది సెకన్లలో తడిపేస్తారు. సరైన వరస ఇది: బస్సు షెల్టరులోనో కొట్టు పంచలోనో బండి ఆపాలి. ముందు హెల్మెట్ తీయాలి, లేకపోతే దాని అంచు నీళ్లు స్క్రీన్ మీదే పడతాయి. లోపలి చొక్కాకు చేతులు తుడుచుకోవాలి. ఆ తర్వాతే జిప్పు. పౌచ్‌లోంచి తీయకుండా పైనుంచే స్పీకరులో మాట్లాడాలి. పౌచ్ మీద చుక్కలుంటే స్క్రీన్ తనంతట తానే నొక్కుకుపోతుంది, తుడిస్తే సర్దుకుంటుంది.

ఇన్ని చేసినా ఒక్కోసారి తడుస్తుంది. అప్పుడు వెంటనే స్విచాఫ్ చేయాలి. తుడిచి, చార్జింగు రంధ్రం కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టాలి. ఫ్యాను గాలి తగిలే చోట ఉంచాలి. చార్జరు మాత్రం పెట్టకూడదు. తడిగా ఉన్న రంధ్రంలో కరెంటు పారితే లోపలి పిన్నులు తుప్పు పడతాయి. కనీసం అరగంట ఆగాలని, పూర్తిగా ఆరడానికి 24 గంటలు కూడా పట్టొచ్చని ఆపిల్ సంస్థ తన వినియోగదారులకు చెబుతోంది. లోపలిదాకా నీళ్లు వెళ్లాయన్న అనుమానముంటే ఆన్ చేసి చూడాలన్న తొందర మాని, రిపేరు తెలిసినవాళ్లతో విప్పించి ఆరబెట్టించడమే మంచిది. హెయిర్ డ్రయ్యరు వద్దు, ఆ వేడికి జిగురు పట్టీ వదులవుతుంది.

బియ్యం డబ్బాలో పెట్టడం చాలామంది చేసే పని. సోనా మసూరికి పేరుపడ్డ ఈ ప్రాంతంలో ఏ ఇంట్లోనైనా ముందు గుర్తొచ్చేది అదే. కానీ బియ్యం ఫోన్ లోపలి తడిని లాగలేవు. పైగా నూకా, తవుడూ చార్జింగు రంధ్రంలో చేరి కొత్త ఇబ్బంది తెస్తాయి. బియ్యంలో పెట్టొద్దని ఆపిల్ కూడా తన సూచనల్లో స్పష్టంగా రాసింది. ఫ్యాను కింద ఆ ఫోన్ ఆరుతున్నంతసేపూ కుర్రాడు జర్కిన్ జేబులన్నీ బయటికి తిరగేసి దండెం మీద వేస్తే మంచిది. రేపటి వానకు ముందు ఆరాల్సింది అవే.